అమెరికా ఎం.ఎస్.కు మా ఊరి బడి నుంచి సిఫార్సు లేఖ: ఇంగ్లీషులో ఏం రాయను?

నల్లగొండ సైన్స్ సారు

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. వచ్చే ఏడాది రిటైర్‌మెంట్. 2016లో నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన అమ్మాయి సివిల్ బీటెక్ అయిపోయి, ఏడాదిగా ఉద్యోగం చేస్తోంది. ఇప్పుడు అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ ఎం.ఎస్.కు అప్లై చేస్తోంది. మూడు లేఖలు కావాలట. రెండు కాలేజీ ప్రొఫెసర్లు ఇస్తున్నారు. మూడోది నన్ను రాయమని ఇంటికొచ్చి మరీ అడిగింది. "నీళ్ల మీద ధ్యాస నాకు మీ దగ్గరే మొదలైంది సార్" అంది.

మొదట తనే, "నేను రాసుకొస్తాను, మీరు అప్‌లోడ్ చేస్తే చాలు" అంది. అందరూ అలాగే చేస్తారట. నాకు మనసొప్పలేదు. నా పేరుతో వెళ్లే మాట నా మాటే కావాలి కదా. కానీ నా చదువంతా తెలుగు మీడియం. రెండు రాత్రులు కూర్చుని ఒక పేజీ రాశాను. "దిస్ ఈజ్ టు సర్టిఫై దట్" అని మొదలుపెట్టి, హార్డ్ వర్కింగ్, సిన్సియర్, ఓబీడియెంట్, గుడ్ మోరల్ క్యారెక్టర్ అని రాసి, తండ్రి కూలి పని చేసి చదివించాడని రాసి, ఆమెకు ఉజ్వల భవిష్యత్తు ఉండాలని ముగించాను. చదువుకుంటే అందులో ఆ పిల్ల కనిపించడం లేదు. ఏ పిల్ల పేరు పెట్టినా సరిపోతుంది. గడువు డిసెంబరు 15. తెలిసినవాళ్లు దారి చెప్పగలరు.

అమీర్‌పేట అన్న

సార్, నేను ఆరేళ్లు కన్సల్టెన్సీలో పనిచేశాను. స్కూల్ లెటర్‌హెడ్ మీద రాయండి, సంతకం, హోదా, ఫోన్ నంబరు ఉండాలి. హెడ్మాస్టర్ స్టాంపు కూడా వేయించండి. పోర్టల్‌లో ఒక పట్టిక వస్తుంది, తెలివి, రాత, నాయకత్వం, ఇలా వరుసగా. అన్నిటికీ మొదటి 1 శాతం టిక్ పెట్టండి. తక్కువ పెడితే అమ్మాయికి దెబ్బ. ఇంకోటి, అమ్మాయి "వేవర్" మీద టిక్ చేసి ఉంటే లేఖ ఆమెకు చూపించడం చట్టప్రకారం నేరం, జాగ్రత్త. రాయడం మాత్రం స్టూడెంటే రాసుకోవడం మామూలే. మీరు ఊరికే కష్టపడుతున్నారు.

రాజమండ్రి తాతయ్య

మాస్టారూ, కాండక్ట్ సర్టిఫికెట్‌కి ఇంత ఆలోచన ఎందుకండీ? మా మనవడికి బోనఫైడ్, కాండక్ట్ రెండూ బడి ఆఫీసులోనే ముద్రించిన ఫారం మీద ఇచ్చారు. అడ్మిషన్ రిజిస్టర్ చూసి పేరు, పుట్టిన తేదీ నింపి సంతకం చేస్తే అయిపోయింది.

నల్లగొండ సైన్స్ సారు

తాతయ్య గారూ, అది వేరండి. అది బడి ఇచ్చే కాగితం. ఇది నేను వ్యక్తిగతంగా ఇచ్చే మాట. యూనివర్సిటీ నుంచి నా ఈమెయిల్‌కే లింకు వస్తుందట. కానీ మీరన్నాక ఒకటి అర్థమైంది. నేను రాసింది నిజంగా కాండక్ట్ సర్టిఫికెట్‌లాగే ఉంది.

సరళ, మిడ్‌వెస్ట్

సారూ, నమస్కారం. నేను అమెరికాలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సివిల్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ విభాగంలో చదువు చెబుతాను. మా అడ్మిషన్ కమిటీలో కొన్నేళ్లుగా ఫైళ్లు చదువుతున్నాను. మీ ఇబ్బంది ఎక్కడో మీరే చెప్పేశారు: అందులో ఆ పిల్ల కనిపించడం లేదని.

ముందు వేవర్ సంగతి. ఫెర్పా అని ఇక్కడ అమెరికాలో 1974 నాటి చట్టం ఉంది. దాని కింద, చేరిన విద్యార్థికి తన ఫైలులోని లేఖను చూసే హక్కు ఉంటుంది. ఆ హక్కు వదులుకుంటున్నానని ముందే టిక్ చేయడమే వేవర్. దాంతో లేఖ చూపించమని యూనివర్సిటీని అడిగే వీలు ఆమెకు ఉండదు, అంతే. మీరు ఇష్టపడి చూపించుకుంటే అందులో నేరం లేదు. చాలామంది చూపించరు, అది వాళ్ల పద్ధతి. కానీ ఆమే రాసి, ఆమే వేవర్ మీద టిక్ పెడితే ఆ టిక్‌కు అర్థమే లేదు. పైగా చాలా పోర్టళ్లలో లేఖ మీరే రాశారని మీ చేత ఒప్పించుకుంటారు. స్టూడెంట్ రాసుకున్న లేఖలు మాకు తెలియవనుకోకండి. ఈ చదువు ఎందుకో స్టూడెంట్ తన గురించి రాసుకునే ఎస్.ఓ.పి.లో ఉన్న మాటలే, అదే వాక్యం నడక, లేఖలోనూ వస్తుంది. ముగ్గురు ప్రొఫెసర్లు ఒకే గొంతుతో మాట్లాడతారు. కొన్ని పోర్టళ్లలో ఏ కంప్యూటర్ నుంచి అప్‌లోడ్ అయిందో కూడా నమోదవుతుంది. మీరు ఒప్పుకోకపోవడం మంచి పనే.

ఇప్పుడు అసలు ప్రశ్న. మాస్టర్స్‌కు హైస్కూల్ టీచర్ లేఖ మామూలుగా బలం కాదు. ఆమె పై చదువు చేయగలదా లేదా అన్నది మాకు కాలేజీ వాళ్లే చెప్పగలరు. ఆ రెండూ ఉన్నాయన్నారు కాబట్టి అడుగుతున్నాను. "మీ దగ్గరే మొదలైంది" అని ఎందుకంది? ఏం జరిగింది? ఇంగ్లీషు మర్చిపోండి, తెలుగులో చెప్పండి.

నల్లగొండ సైన్స్ సారు

మేడమ్, చెబుతాను. మాది ఫ్లోరైడ్ ప్రాంతం. పళ్లు గారపట్టిన పిల్లలు, నడుం వంగిన పెద్దవాళ్లు అప్పట్లో మా వీధుల్లో మామూలే. 2016లో బాలల సైన్స్ కాంగ్రెస్ కోసం అయిదుగురు పిల్లల బృందం చేశాం. నేను గైడ్ టీచర్ని, ఈ అమ్మాయి లీడర్. ఊళ్లో 18 బోరింగుల నీళ్లు పరీక్షించాలని అనుకున్నాం. చిన్న కిట్ ఉండేది. సీసాలో గీత దాకా నీళ్లు పోసి మందు చుక్కలు కలిపితే రంగొస్తుంది. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు పసుపుకు తిరుగుతుంది. కార్డు మీది రంగులతో పోల్చి అంకె రాసుకోవాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు.

పదకొండు బడిలో పగలు చేశారు. మిగతా ఏడు ఈ అమ్మాయి ఇంటికి తీసుకుపోయి సాయంత్రం చేసింది. టేబుల్ రాసి తెచ్చింది. నేను బాగుందన్నాను. మర్నాడు పొద్దున మళ్లీ వచ్చింది. బడి బోరింగు నీళ్లు ప్లాస్టిక్ సీసాలో కొంచెం మిగిలితే ఊరికే మళ్లీ చేసి చూసిందట. సాయంత్రం 2 వచ్చింది, పొద్దున 1కీ 1.5కీ మధ్య వచ్చింది. "సార్, ఫ్లోరైడ్ ఉంటే పసుపు అవుతుంది కదా. మా ఇంట్లో బల్బే పసుపు" అంది.

నేను ఏమన్నానో ఇప్పటికీ గుర్తుంది. "రిపోర్టు ఇవ్వడానికి నాలుగు రోజులే ఉంది, టేబుల్ అలాగే ఉంచు" అన్నాను. ఆ పిల్ల వినలేదు. పాత టేబుల్ మీద అడ్డంగా గీత కొట్టి, 18 బోరింగుల నీళ్లూ మళ్లీ పట్టుకొచ్చి, బడి వరండాలో పదింటి ఎండలో అన్నీ తిరిగి చేసింది. పగలు చేసిన పదకొండూ మళ్లీ ఎందుకని అడిగితే, "అన్నీ ఒకే వెలుతుర్లో ఉండాలి సార్" అంది. ఇంట్లో చేసిన ఏడింట్లో మూడింటి అంకె మారింది. జిల్లా నుంచి మా ప్రాజెక్టు పైకి వెళ్లలేదు. నేను మాత్రం అప్పటి నుంచి ఏ పిల్లల చేతా రాత్రి పూట రంగు పరీక్ష చేయించలేదు.

సరళ, మిడ్‌వెస్ట్

సారూ, మీ లేఖ ఇదే. ఇంకేం వెతకకండి.

పద్నాలుగేళ్ల పిల్ల కొలతలో తప్పు ఎటువైపు వస్తుందో కారణంతో సహా పట్టుకుంది. అనుమానం ఏడింటి మీదే ఉన్నా 18 తిరిగి చేసింది. మా ల్యాబులో ఎం.ఎస్. పిల్లలకు మొదటి సెమిస్టర్ అంతా చెప్పే పాఠం ఇది. ఏ కాలేజీ ప్రొఫెసరూ ఆమె గురించి ఈ సంగతి రాయలేడు, ఎందుకంటే వాళ్లెవరూ అక్కడ లేరు. అందుకే మూడో లేఖగా మీది పనికొస్తుంది.

ఒక పేజీ చాలు. మొదట మీరెవరు, ఆమె మీకు ఎన్నేళ్లుగా, ఏ హోదాలో తెలుసు. తర్వాత మీ బడి గురించి రెండు వాక్యాలు. జడ్పీ హైస్కూల్ అంటే ఇక్కడ ఎవరికీ తెలియదు. ప్రభుత్వ గ్రామీణ బడి, తెలుగు మీడియం, ల్యాబ్ అంటే ఏముండేదో రాయండి. పేజీలో సగం ఆ టేబుల్ కథకే ఇవ్వండి, మీరు వద్దన్న మాటతో సహా. ఆఖర్న మీరు చూడనిది చూడలేదని రాయండి. ఆమె బీటెక్ చదువు గురించి నేను చెప్పలేను, అది కాలేజీ వాళ్లు చెబుతారు అని ఒక్క వాక్యం. ఆ వాక్యం ఉంటే పైన రాసినదంతా మాకు నమ్మబుద్ధేస్తుంది.

బీటెక్ 2024

మేడమ్ చెప్పింది బాగుంది కానీ నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఆమె ఏడాదిగా ఉద్యోగం చేస్తోంది. మూడోది మేనేజర్ లేఖ అయితే ఇప్పటి పని గురించి తెలుస్తుంది. తొమ్మిదో తరగతి కథ తొమ్మిదేళ్ల పాతది. నా ఫ్రెండ్ అప్లై చేసిన ఒక ప్రోగ్రాంలో మూడు లేఖలూ యూనివర్సిటీ వాళ్లవే కావాలని స్పష్టంగా ఉంది. ఇలాంటి కథ ఎస్.ఓ.పి.లో రాసుకోవచ్చు కదా.

సరళ, మిడ్‌వెస్ట్

మీ మాటలో న్యాయం ఉంది. మేనేజర్ ఆమె చేత నీటి పనో, డిజైన్ పనో చేయించి, దాన్ని దగ్గర నుంచి చూసి ఉంటే నేనూ అదే అంటాను. ఊరికే "మంచి టీమ్ ప్లేయర్" అని రాసేటట్టయితే సారు లేఖే మేలు. ప్రోగ్రాం పేజీలో "అకడమిక్" అని గట్టిగా ఉంటే ఎవరం ఏం చేయలేం, అక్కడ మరో ప్రొఫెసర్‌నే అడగాలి. ఎస్.ఓ.పి. విషయంలో మాత్రం తేడా ఉంది. "నేను మళ్లీ చేశాను" అని తను రాసుకోవడం ఒకటి, "నేను వద్దన్నా చేసింది" అని టీచరే రాయడం ఇంకొకటి. మా కమిటీలోనే నాతో ఏకీభవించనివాళ్లు ఉంటారు, అదీ చెప్పాలి.

గుంటూరు శీను

నాది ఇంగ్లాండ్ అనుభవం. ఎం.ఎస్సీ.కి రెండు రిఫరెన్సులే అడిగారు. మా ప్రిన్సిపాల్ గారికి మెయిల్ చూసే అలవాటు లేదు. లింకు స్పామ్‌లో పడి మూడు వారాలు అక్కడే ఉంది. యూనివర్సిటీ వాళ్లు గుర్తు చేస్తూ పంపిన మెయిలూ అందులోనే పడింది. నేను వాళ్లింటికి వెళ్లి పక్కన కూర్చుని వెతికించాను. సార్, స్పామ్ ఇవాళే చూసుకోండి. ఇంకోటి, అమెరికా గడువు డిసెంబరు 15 రాత్రి 11:59 అని వాళ్ల తూర్పు తీరం టైం ఇస్తే, మనకు అది 16 పొద్దున 10:29. ఆఖరి రోజు దాకా ఆగకండి, మా ఊళ్లో ఆ పొద్దున కరెంటు పోయింది.

పద్మావతి టీచర్

సార్, నేను ప్రకాశం జిల్లాలో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంట్‌ని. మీరు తెలుగులో రాసినది చదివి కళ్లు చెమర్చాయి. భాష పని నాకు వదలండి. ఒక్క షరతు: నేను రాసిన ప్రతి వాక్యం మీకు తెలుగులో తిరిగి చెబుతాను, మీరు అవునంటేనే ఉంచుదాం. మీరు అనని మాట ఒక్కటీ చేర్చను.

మీ పాత ప్రతిలో కొన్ని ఇప్పుడే తీసేద్దాం. "ఓబీడియెంట్" ముందు పోవాలి. మీ మాట వినకపోవడమే కదా ఆమె గొప్ప. "పాస్డ్ అవుట్ ఇన్ 2018" అని రాసుంటారు, మనందరికీ అలవాటు. అక్కడివాళ్లకు అది స్పృహ తప్పి పడిపోయినట్టు వినిపిస్తుంది. "కంప్లీటెడ్ టెన్త్ గ్రేడ్" అందాం. "బోరింగ్" అని ఎక్కడా ఉండకూడదు, విసుగు పుట్టించేదని అర్థం. "హ్యాండ్ పంప్" అని రాద్దాం. మనం గొప్పగా చెప్పాలంటే విశేషణాల మీద విశేషణాలు వేస్తాం. అక్కడ చిన్న వాక్యమే నిలుస్తుంది. మీరు వద్దన్న ఘట్టం నేనిలా పెట్టాను: "ఐ టోల్డ్ హర్ టు లీవ్ ది టేబుల్ యాజ్ ఇట్ వాజ్. షి డిడ్ నాట్." ఇంతే. దీని పక్కన "కరేజియస్" అని చేర్చక్కర్లేదు.

తండ్రి కూలి పని గురించి మాత్రం ఆ అమ్మాయిని అడగండి. అది వాళ్ల ఇంటి సంగతి. ఆమె వద్దంటే తీసేద్దాం.

అమీర్‌పేట అన్న

వేవర్ గురించి నేను విన్నది తప్పని ఇప్పుడే తెలిసింది, థాంక్స్ మేడమ్. కానీ పట్టిక సంగతి నేను వదలను. సారు నిజాయితీగా 10 శాతం అని పెడితే, పక్కవాడు 1 శాతం పెట్టించుకుంటాడు. నష్టం ఎవరికి?

సరళ, మిడ్‌వెస్ట్

ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ అన్ని గడులూ మొదటి 1 శాతంలో ఉన్న పట్టికను నేను చూడటమే మానేస్తాను, లేఖకు వెళ్లిపోతాను. సారూ, అక్కడ "ఎవరితో పోలుస్తున్నారు" అని అడుగుతారు. మీరు చదువు చెప్పిన పిల్లలందరితో అని రాయండి. కుతూహలం, నిజాయితీ, పట్టుదల మీకు తెలుసు, మనసులో ఉన్నది పెట్టండి. పరిశోధన రాత, ఇంగ్లీషు ప్రావీణ్యం లాంటివి మీరు చూడలేదు. "చెప్పడానికి ఆధారం లేదు" అనే గడి కూడా ఉంటుంది, అది పెట్టండి. అలా రెండు గడులు వదిలినందుకు ఎవరినైనా తిరస్కరించడం నేను చూడలేదు. వేరే చోట ఎలా చూస్తారో నేను హామీ ఇవ్వలేను.

మీకు బడి మెయిల్ ఉండదు కాబట్టి జీమెయిలే ఇస్తారు. ఫరవాలేదు, కాకపోతే కొన్ని పోర్టళ్లు అలాంటి చిరునామాలను సరిచూస్తాయి. లెటర్‌హెడ్ గురించి అన్న చెప్పింది అందుకే సరైనది. స్టాంపు మాకు అవసరం లేదు.

నల్లగొండ సైన్స్ సారు

పది రోజుల తర్వాత రాస్తున్నాను. పద్మావతి టీచర్ గారు మూడు సాయంత్రాలు ఫోన్లో కూర్చున్నారు. నేను తెలుగులో చెప్పడం, ఆమె రాయడం, మళ్లీ తెలుగులో నాకు వినిపించడం. ఒకచోట ఆమె "డిస్కవర్డ్ యాన్ ఎర్రర్" అని రాశారు. కనిపెట్టిందంటే పెద్ద మాట, ఆ పిల్ల అనుమానపడింది, మళ్లీ చేసి చూసుకుంది అన్నాను. "సస్పెక్టెడ్" అని మార్చారు.

అమ్మాయిని తండ్రి గురించి అడిగాను. కాసేపు ఆలోచించి, "నాన్న పని గురించి వద్దు సార్, బల్బు గురించి రాయండి" అంది. అలాగే తీసేశాం. లేఖ తనకు చూపించలేదు, తనూ అడగలేదు. తేదీలు, ప్రాజెక్టు పేరు మాత్రం ఒక కాగితం మీద రాసిచ్చింది.

మూడు యూనివర్సిటీలకు లింకులు వచ్చాయి, ఒకటి స్పామ్‌లోనే దొరికింది, శీను గారికి కృతజ్ఞతలు. నాలుగో దానిలో లేఖలన్నీ యూనివర్సిటీ అధ్యాపకులవే కావాలని ఉంది. అక్కడికి నా పేరు తీసేయమని నేనే చెప్పాను. బీటెక్ బాబు చెప్పింది అక్కడ నిజమైంది. పట్టికలో మూడు గడుల్లో "ఆధారం లేదు" పెట్టాను. పెట్టేటప్పుడు చెయ్యి వణికింది, దాచను. ఆ పిల్లకు అన్యాయం చేస్తున్నానేమో అని ఇంకా ఉంది.

నేను వద్దన్న వాక్యం దగ్గర కూడా ఒక రాత్రి ఆగాను. ఇన్నేళ్ల సర్వీసులో నా తప్పు నా సంతకంతో ఎక్కడా రాసుకోలేదు. పొద్దున లేచి ఉంచేశాను.

ఒక మాట అడగాలి. నిన్న బడి బీరువా సర్దుతుంటే ఆ ప్రాజెక్టు నోటుబుక్ దొరికింది. పెన్సిల్‌తో గీసిన టేబుల్, దాని మీద అడ్డంగా గీత, కింద కొత్త టేబుల్, పక్కన "ఎండలో, వరండా, 10 గం." అని ఆమె చేతిరాత. ఫోటో తీసి లేఖతో పంపవచ్చా మేడమ్? ఒక లింకు ఇంకా మిగిలే ఉంది.

సరళ, మిడ్‌వెస్ట్

సారూ, లేఖకు ఒక్క ఫైలే తీసుకుంటారు. అందులో ఫోటోలు చేర్చడం ఇక్కడ అలవాటు లేదు, చూసేవాళ్లు విచిత్రంగా అనుకోవచ్చు. మిగిలిన లింకులో మాత్రం ఒక వాక్యం చేర్చండి: ఆ నోటుబుక్ ఇప్పటికీ మా బడిలో ఉంది, కొట్టేసిన టేబుల్ కూడా కనిపిస్తుంది అని.

నల్లగొండ సైన్స్ సారు

చేర్చాం మేడమ్. రాత్రి 9:40కి సబ్మిట్ అయిందని మెయిల్ వచ్చింది. నోటుబుక్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి అదే బీరువాలో, పై అరలో ఉంచాను. ఫలితం మార్చిలోనో ఏప్రిల్లోనో తెలుస్తుందట.